రెండు వేల పరిమితి కన్నా ఆ నాలుగో లైనే ముఖ్యం

దసరాకు ముందు మా ఆఫీసులో హెచ్ఆర్ వాళ్లు ఓ చిన్న మెయిల్ పంపారు. అసలు విషయమంతా ఐదు లైన్లు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి వెండర్లు, కాంట్రాక్టర్లు, క్లయింట్లు ఇచ్చే బహుమతి 2,000 రూపాయలు దాటితే తీసుకోకూడదు. నగదు, గిఫ్ట్ కార్డులు, బంగారం, వెండి ఎంత చిన్నవైనా వద్దు. టీమంతా పంచుకుని తినే స్వీట్లు, పండ్లయితే పర్వాలేదు. అందిన ప్రతి బహుమతినీ ఏడు పనిదినాల్లో పోర్టల్‌లో ఉన్న ఫారంలో డిక్లేర్ చేయాలి. సందేహాలుంటే ఈ మెయిల్‌కే జవాబు రాయండి.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎవరి నోట విన్నా రెండు వేల మాటే. మంచి డ్రై ఫ్రూట్స్ డబ్బా ఇప్పుడు రెండు వేలకు వస్తుందా అని ఒకరు, ఫలానా కంపెనీలో ఐదు వేల దాకా ఒప్పుకుంటారట అని ఇంకొకరు. డిక్లేర్ చేయమన్న నాలుగో లైను గురించి ఒక్కరూ అడగలేదు. వెండర్ల బిల్లులు పాస్ చేసే విభాగంలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి నాకు ఇది తిరగబడినట్టు అనిపించింది. రెండు వేలు కాకుండా మూడు వేలు పెట్టినా కొంపేమీ మునగదు. నాలుగో లైను సరిగ్గా అమలు కాకపోతే మాత్రం ఆ మెయిల్ వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. పైగా ఆ లైనులో చెప్పాల్సినవి చాలా మిగిలిపోయాయి.

ముందు ఈ అంకెల సంగతి చూద్దాం. మన దేశంలో బహుమతుల మీద బాగా నలిగిన నిబంధన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులది. 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో పదమూడో రూలు. అందులో ఎంత విలువ అనే ప్రశ్న రెండోది. మొదటి ప్రశ్న ఎవరిచ్చారు అని. పెళ్లికో, పండక్కో దగ్గరి బంధువులు ఇస్తే తీసుకోవచ్చు, గ్రూప్ ఏ అధికారికైతే 25,000 దాటినప్పుడు ప్రభుత్వానికి తెలియజేస్తే చాలు. ఆఫీసు వ్యవహారాలేవీ లేని స్నేహితుడికీ దాదాపు ఇదే పద్ధతి. మిగతా వాళ్ల దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. అక్కడ తెలియజేస్తే సరిపోదు, పరిమితి దాటితే ముందు అనుమతి కావాలి. ఆ పరిమితి చాలాకాలం గ్రూప్ ఏ, బీ వాళ్లకు 1,500, గ్రూప్ సీ వాళ్లకు 500 ఉండేది, 2019లో వాటిని 5,000, 2,000 చేశారు. ఎప్పుడైనా ఒక పూట భోజనం పెట్టడం, దారిలో కారు ఎక్కించుకోవడం లాంటివి బహుమతి కిందకు రావని కూడా అందులోనే రాశారు. అయితే తమతో పని ఉన్నవాళ్ల దగ్గర భారీ విందులూ, మాటిమాటికీ ఆతిథ్యాలూ వద్దన్నారు.

ప్రైవేటు ఆఫీసుకు ఈ రూలు వర్తించదు. 1988 అవినీతి నిరోధక చట్టం చూసేది ప్రభుత్వోద్యోగికి ముట్టిన లంచాన్ని. 2018 సవరణతో ఇచ్చినవాడినీ, ఇచ్చిన కంపెనీనీ కూడా నేరుగా దాని కిందకు తెచ్చారు. కానీ ఒక ప్రైవేటు కంపెనీ ఇంకో ప్రైవేటు కంపెనీ ఉద్యోగికి ముట్టజెప్పే దాని మీద మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. బ్రిటన్ 2010లో చేసిన లంచాల చట్టం దాన్నీ పట్టుకుంటుంది, అందుకే అక్కడ వ్యాపారం ఉన్న కంపెనీల్లో ఇలాంటి పాలసీలు ఎప్పటినుంచో ఉన్నాయి. మాలాంటి చోట్ల మాత్రం రోజువారీ వ్యవహారానికి దిక్కు హెచ్ఆర్ పంపిన ఆ ఐదు లైన్లే. ఉద్యోగికి రేపు ఏదైనా ఇబ్బంది వస్తే చూపించుకోవడానికీ, కంపెనీ ఎవరినైనా నిలదీయడానికీ అవే ఆధారం. అలాంటప్పుడు అవి పూర్తిగా ఉండాలి.

అంకె ఒక్కటే పెట్టుకుంటే ఏమవుతుందో ఒక లెక్క వేసి చూపిస్తాను. మనుషులు కల్పితమే, వ్యవహారం మాత్రం బిల్లులు చూసే ఎవరికైనా తెలిసిందే. ఉద్యోగులను తీసుకొచ్చి దింపే క్యాబ్ కాంట్రాక్టు అనుకోండి. నలభై బండ్లు. అడ్మిన్‌లో చిన్న ఉద్యోగంలో ఉన్న కుర్రాడొకడు నెలాఖరుకు ట్రిప్ షీట్లు ముందేసుకుని కిలోమీటర్లు సరిచూస్తాడు. ఇందులో ఎప్పుడూ తగాదా ఉండేది డెడ్ కిలోమీటర్ల దగ్గర. అంటే షెడ్డు నుంచి మొదటి ఉద్యోగి ఇంటి దాకా, ఆఖరి ఉద్యోగిని దింపాక తిరిగి షెడ్డు దాకా బండి ఖాళీగా తిరిగే దూరం. ఇంత వరకే ఇస్తామని కాంట్రాక్టులో ఉంటుంది. వెండర్ దానికన్నా కాస్త ఎక్కువ రాస్తాడు, కుర్రాడు కొట్టేస్తాడు. ప్రతి నెలా జరిగేదే.

ఆ వెండర్ ఉగాదికి 600 రూపాయల స్వీటు డబ్బా పంపాడు. జూన్‌లో బడులు తెరిచే ముందు కుర్రాడి పాపకు స్కూలు బ్యాగు, లంచ్ బాక్సు, వాటర్ బాటిల్ ఇంటికే వచ్చాయి, 1,500. దసరాకు జీడిపప్పు, బాదం 1,800. దీపావళికి అందమైన వెదురు బుట్టలో ఏవేవో సర్ది 1,900. ఏ ఒక్కటీ రెండు వేలు దాటలేదు. మెయిల్ ప్రకారం అన్నీ తీసుకోదగినవే. కూడితే 5,800.

ఇప్పుడు ఇటు చూడండి. బండికి రోజుకు ఆరు డెడ్ కిలోమీటర్లు ఎక్కువ రాశాడు, వాటిని కొట్టేయలేదు అనుకుందాం. నలభై బండ్లకు రోజుకు 240. నెలకు ఇరవై ఐదు పనిదినాలైతే 6,000 కిలోమీటర్లు. కిలోమీటరుకు 14 రూపాయల చొప్పున 84,000. ఒక్క నెలకు. కుర్రాడు దొంగ కాదు. ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు కూడా. దీపావళి మర్నాడు ఆ వెండర్ సూపర్‌వైజర్ ట్రిప్ షీట్లు పట్టుకుని వచ్చి, "పాపకు బ్యాగు నచ్చిందా తమ్ముడూ" అంటాడు. అంతే అంటాడు. ఎర్ర పెన్ను తీయడానికి చెయ్యి రాదు. నవంబరులో కాంట్రాక్టు రెన్యువల్.

ఇలాంటిది బయటపడేది కూడా బహుమతుల వైపు నుంచి కాదు. బిల్లుల వైపు నుంచి. ప్రతి నెలా ఏదో ఒక కోత పడే వెండర్ బిల్లు మూడు నాలుగు నెలలుగా పూర్తి మొత్తానికి పాస్ అవుతుంటే నేను ట్రిప్ షీట్లు తెప్పించుకుంటాను. కోత ఎందుకు ఆగిందనే దానికి మంచి కారణమే ఉండొచ్చు, వెండర్ నిజంగానే తప్పులు మానేసి ఉండొచ్చు. పక్కన బహుమతుల రిజిస్టరు ఉంటే ఆ రెండింటినీ కలిపి చూసుకోవచ్చు. లేకపోతే అనుమానం మిగులుతుంది. ఆ అనుమానం జీతం తక్కువున్న ఆ కుర్రాడి మీదే పడుతుంది.

అందుకే పరిమితిని ఒక్కో బహుమతికి కాకుండా ఒక్కో వెండర్‌కు, ఆర్థిక సంవత్సరం మొత్తానికి పెట్టాలి. ఇంటికి వచ్చినవీ, భార్య పేరునో పిల్లల పేరునో వచ్చినవీ అందులో కలవాలి. రెన్యువల్, టెండర్, రేట్ల చర్చ నడుస్తున్నన్ని రోజులూ ఆ వెండర్ దగ్గర నుంచి స్వీటు డబ్బా కూడా వద్దనాలి. ఈ మూడూ ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. మా మెయిల్‌లో చెప్పలేదు.

విలువ కట్టడం ఇంకో చిక్కు. ఫారంలో సుమారు విలువ అని ఒక గడి ఉంది. ఇచ్చినవాడు చెప్పిన విలువ వేయాలా, మనకు తోచింది వేయాలా? వెండర్‌ను అడిగితే ఎప్పుడూ "ఏదో చిన్నది మేడమ్" అనే అంటారు. పండగ బుట్టల్ని హోల్‌సేల్‌గా వందల్లో కొంటారు కాబట్టి వాళ్లకు పడిన ధర నిజంగానే తక్కువ ఉండొచ్చు. దానితో మనకు పని లేదు. అదే వస్తువును మనం బజారులో కొనుక్కుంటే ఎంతవుతుందో అది వేయాలి. ఒకే పాలసీ ఉన్నచోట ఇద్దరు ఉద్యోగులు ఒకే బుట్టకు రెండు ధరలు రాసే పరిస్థితి రాకూడదు.

బజారు ధర అన్నంత మాత్రాన అన్నీ తేలిపోవు. మన ప్రాంతంలో ఏ ఆఫీసులోనైనా ఎదురయ్యే సంగతి ఒకటుంది, అది తిరుమల దర్శనం. "మేడమ్, మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులన్నారు కదా, బ్రేక్ దర్శనానికి లెటర్ ఇప్పిస్తాను" అని వెండర్ అంటాడు. సిఫారసు లేఖ మీద దొరికే ఆ టికెట్ ధర 500 రూపాయలు, డబ్బు మనమే కట్టుకుంటాం. కాగితం మీద వెండర్ ఇచ్చింది సున్నా. కానీ ఏ సిఫారసూ లేనివాడికి అదే బ్రేక్ దర్శనం కావాలంటే శ్రీవాణి ట్రస్టుకు 10,000 విరాళం ఇచ్చి, ఆ పైన 500 పెట్టి టికెట్ కొనుక్కోవాలి. మనిషికి. నలుగురు కుటుంబ సభ్యులు వెళ్తే ఎంత తేడానో చూడండి. దేవుడి పేరుతో వచ్చిన సాయాన్ని బహుమతి అనడం చాలామందికి కష్టంగా ఉంటుంది, ఆ కష్టం నాకూ తెలుసు. అయినా ఇది బహుమతే. వెదురు బుట్ట కన్నా పెద్దది. అత్తగారు ఆ వెండర్‌ను జీవితాంతం దీవిస్తుంది, ఆ ఇంట్లో అతని బిల్లు గురించి కఠినంగా ఆలోచించడం మన వల్ల కాదు. విలువ గడిలో సున్నా పడినా సరే, దీన్ని రాసి తీరాలి. నన్నడిగితే అసలు ఒప్పుకోకూడదు. వాళ్లే తిరుపతి వెళ్లొచ్చి ఓ లడ్డూ ప్రసాదం చేతిలో పెడితే అది వేరు. కళ్లకద్దుకుని తీసుకోవడమే, దానికి ఫారం అక్కర్లేదు.

ఉప్పల్‌లో క్రికెట్ మ్యాచ్ పాసులదీ ఇలాంటి తంతే. కాంప్లిమెంటరీ పాసు మీద ధర ఉండకపోవచ్చు. అదే స్టాండులో అమ్మిన టికెట్ ధర చూసి వేయాలి. ఇచ్చినవాడు కూడా మనతో వచ్చి కూర్చుంటే ఆతిథ్యం అనొచ్చు, పాసులు మన చేతిలో పెట్టి తను రాకపోతే అది అచ్చంగా బహుమతే.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన చోటికి వస్తాను. మెయిల్ దీపావళి బుట్టల్ని దృష్టిలో పెట్టుకుని రాశారు. కానీ మన దగ్గర పెద్ద మొత్తాలు చేతులు మారేది మన ఇంటి శుభకార్యాల్లో. కొనుగోళ్ల విభాగంలో పెద్ద పదవిలో ఉన్నాయన కూతురి పెళ్లి చేస్తాడు. పదేళ్లుగా రోజూ మాట్లాడే వెండర్లను పిలవకుండా ఎలా ఉంటాడు? పిలిస్తే వాళ్లు ఉత్త చేతులతో ఎలా వస్తారు? వచ్చినవాళ్లు కవరు ఇస్తారు, వెండి సామాను ఇస్తారు, బట్టలు పెడతారు. పోటీ కూడా ఉంటుంది, ఫలానా ట్రాన్స్‌పోర్టాయన ఎంత రాయించాడో పక్క వెండర్‌కు తెలుసు. మెయిల్‌లోని రెండో లైను ప్రకారం నగదు, వెండి పూర్తిగా నిషేధం. కల్యాణ మంటపంలో అక్షింతలు వేసి కవరు చేతిలో పెట్టినవాడికి ఆ లైను చదివి వినిపించగలమా?

ఈ ఒక్క చోట మాత్రం మన పద్ధతే మనకు సాయం చేస్తుంది. మంటపంలో ఓ మూల బల్ల వేసుకుని చదివింపులు రాసే మనిషి ఉంటాడు. పేరు, ఊరు, ఎంత, అన్నీ పుస్తకంలోకి ఎక్కుతాయి. రేపు వాళ్లింట్లో శుభకార్యమైతే తిరిగి పెట్టాలి కాబట్టి ఆ పుస్తకాన్ని ఏళ్ల తరబడి దాచుకుంటాం. బంధువుల మధ్య అది తిరిగి తీర్చుకునే బాకీ. వెండర్ రాయించిన దాన్ని మాత్రం మన జేబులోంచి తీర్చం. అక్కడే ప్రమాదం. కాబట్టి పాలసీ చెప్పాల్సింది ఇది. ఇంట్లో శుభకార్యం ఉందని, ఫలానా వెండర్లను పిలుస్తున్నానని ముందే ఫారంలో రాయాలి. పిలిచేటప్పుడే "మీరు రావడమే మాకు సంతోషం, చదివింపులు మాత్రం వద్దండీ, ఆఫీసు రూలు" అని చెప్పాలి. అయినా రాయించిన వాళ్లవి, ఆ పుస్తకంలోంచి వెండర్ల పేర్ల వరకు తీసి, వారంలోగా డిక్లేర్ చేయాలి. నగదు కంపెనీ ద్వారా వెనక్కి పంపాలి. బంధువుల పేజీలు కంపెనీకి అక్కర్లేదు, అడగకూడదు కూడా. వెండరే దగ్గరి బంధువైతే అది బహుమతుల వ్యవహారం కాదు, అతని బిల్లులు వేరే వాళ్లు చూడాలి.

ఇంత చెప్పినా డిక్లరేషన్ నిలబడేది ఒక ప్రశ్న మీద. ఆ ఫారం ఎవరు చదువుతారు? మా దగ్గర అది మేనేజర్ అప్రూవల్‌కు వెళ్తుంది. అదే వెండర్ మేనేజర్‌కూ పంపి ఉంటే? 1,800 డబ్బా అందుకున్న కుర్రాడు నిజాయితీగా రాస్తే, ఇంకా పెద్ద డబ్బా అందుకుని రాయని మేనేజర్‌కు అది వేలెత్తి చూపినట్టు ఉంటుంది. రెండోసారి ఆ కుర్రాడు రాయడు. కాబట్టి ఫారం నేరుగా హెచ్ఆర్‌కో, ఇంటర్నల్ ఆడిట్‌కో వెళ్లాలి. మేనేజర్‌కు కాపీ ఉంటే చాలు. డైరెక్టర్ల బహుమతులు కూడా అదే రిజిస్టరులో ఉండాలి. మూడు నెలలకోసారి ఆడిట్ వాళ్లు ఆ రిజిస్టరును వెండర్ల పేమెంట్ల పక్కన పెట్టి చూడాలి. ఫారంలో ఇప్పుడున్న పేరు, వస్తువు, విలువ, తేదీ కాక ఇంకో రెండు గడులు కావాలి. ఈ వెండర్ వ్యవహారం ఏదైనా ప్రస్తుతం నా టేబుల్ మీద ఉందా? వస్తువును ఏం చేశాను, ఉంచుకున్నానా, పంచానా, తిప్పి పంపానా? వద్దన్నవి కూడా రాయాలి. వద్దని తిప్పి పంపిన వాటి జాబితా చూస్తేనే ఏ వెండర్ ఎక్కువ ప్రయత్నిస్తున్నాడో తెలుస్తుంది.

ఇదంతా ఉద్యోగిని నమ్మకపోవడమే కదా అన్నారు మా సీనియర్ ఒకాయన. ఆయన మీద నాకు గౌరవం ఉంది, ఈ మాట మాత్రం ఒప్పుకోను. రాసిపెట్టినవాడికి అండ ఉంటుంది. "సార్, నేను రాసేశాను, ఇంక మీరు పంపితే నాకే ఇబ్బంది" అని ఆ క్యాబ్ సూపర్‌వైజర్‌తో అనగలిగే ధైర్యం ఆ కుర్రాడికి ఫారం ఇస్తుంది. వ్యక్తిగా వద్దనడం కష్టం. మొహమాటం, ఎదుటివాడు నొచ్చుకుంటాడేమోనన్న బాధ. రూలు అడ్డం పెట్టుకుంటే ఎవరి మనసూ నొప్పించకుండా తప్పుకోవచ్చు.

అలాగే ఒక మాట స్పష్టంగా రాయాలి. దసరాకు సెక్యూరిటీ వాళ్లకూ, హౌస్‌కీపింగ్ అక్కలకూ, లిఫ్ట్ దగ్గర ఉండే పెద్దాయనకూ మనమంతా తలా రెండు వందలు వేసి ఇస్తాం. అది ఈ పాలసీ కిందకు రాదని మెయిల్‌లో ఉండాలి. లేకపోతే రూలు పేరు చెప్పి ముందు ఆగిపోయేది ఆ రెండు వందలే.

చివరిగా, ఈ మెయిల్ వెళ్లింది మాకు మాత్రమే. వెండర్లకు వెళ్లలేదు. దీపావళికి రెండు రోజుల ముందు కొరియర్ అబ్బాయి గుమ్మంలో బుట్ట పెట్టి సంతకం అడుగుతాడు, పంపినవాడికి మా పాలసీ సంగతే తెలియదు. తిప్పి పంపాలంటే ఎవరి ఖర్చుతో? నేతి మిఠాయిలు వారం ఆగుతాయా? కాబట్టి దసరాకు ముందే కంపెనీ లెటర్‌హెడ్ మీద, ఎండీ సంతకంతో, ప్రతి వెండర్‌కూ ఒక ఉత్తరం వెళ్లాలి. మా ఉద్యోగులకు బహుమతులు పంపవద్దు, పంపకపోవడం వల్ల మీ ఆర్డర్లకూ బిల్లులకూ ఏమీ కాదు, ఎవరైనా అడిగితే ఈ నంబరుకు చెప్పండి. ఈ మూడు ముక్కలు చాలు. రెండోది చాలా ముఖ్యం, ఎందుకంటే చిన్న వెండర్లలో చాలామంది ఇష్టంతో పంపరు. పక్కవాడు పంపుతుంటే తను పంపకపోతే బిల్లు ఆలస్యమవుతుందన్న భయంతో అప్పు చేసి మరీ పంపుతారు. అయినా వచ్చేసిన తిండి వస్తువుల్ని ప్యాంట్రీలో పెట్టి అందరికీ పంచి ఒక లైను రాయాలి. మిగతావి కంపెనీ ఖర్చుతో వెనక్కి పోవాలి.

సందేహాలుంటే రాయమన్నారు కాబట్టి ఇవన్నీ ఆ మెయిల్‌కే జవాబుగా రాశాను. వెండర్‌కు ఏడాది మొత్తం లెక్క, వెండర్లకు ఉత్తరం, ఈ రెంటికీ హెచ్ఆర్ ఒప్పుకుంది. ఉత్తరం ముసాయిదా తయారవుతోంది. ఫారం మేనేజర్‌కు కాకుండా ఆడిట్‌కు వెళ్లాలన్నది మేనేజ్‌మెంట్ మీటింగులో పెడతామన్నారు. పెళ్లి చదివింపుల విషయం సున్నితమైనది, తర్వాత చూద్దామన్నారు. మాఘమాసంలో మా ఆఫీసులో రెండు పెళ్లిళ్లున్నాయి, అప్పటిలోగా తేల్చమని మళ్లీ రాశాను.